గాలి కొట్టించినా టైరు ప్రెషర్ లైటు ఆరడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

టైర్ల షాపులో పని చేసేవాళ్లకి రోజూ వినపడే మాట ఇది: "గాలి నిండా కొట్టించానండీ, అయినా ఆ పసుపు లైటు పోవట్లేదు." అడిగేది ఒకే ప్రశ్నలా ఉన్నా దాని వెనక ఉండే కారణాలు వేరు. ఇన్నేళ్లుగా నన్ను అడిగిన సందేహాలన్నీ, అడిగినవాళ్ల మాటల్లోనే, ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## గాలి కొట్టించిన వెంటనే

గాలి కొట్టించి పావుగంటైంది. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఏం చేయాలి?

కారును కాస్త నడపండి. చక్రం లోపల ఉండే సెన్సర్ తన చిన్న బ్యాటరీని పొదుపు చేసుకోవడానికి కారు ఆగి ఉన్నంతసేపూ నిద్రలాంటి స్థితిలో ఉంటుంది. చక్రం తిరగడం మొదలై, వేగం గంటకు 25–30 కిలోమీటర్లు దాటాక మేల్కొని, దాదాపు నిమిషానికోసారి ప్రెషర్ ఎంతుందో రేడియో ద్వారా కారుకు చెబుతుంది. బంకు దగ్గర నిలబడి లైటు వైపు చూస్తూ కూర్చుంటే అది ఆరకపోవచ్చు. ఆగకుండా పోయే రోడ్డు మీద పది, పదిహేను నిమిషాలు నడిపాక చూడండి. అప్పుడు కూడా వెలుగుతుంటేనే వేరే కారణం వెతకాలి.

స్టార్ట్ చేయగానే లైటు కాసేపు మిణుకుమని, తర్వాత అలాగే ఉండిపోతోంది. గాలి తక్కువున్నట్టేనా?

కాదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. స్టార్ట్ చేసినప్పటి నుంచి నిలకడగా వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. అదే లైటు మొదట ఒక నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా ఉండిపోతే సిస్టమే పని చేయడం లేదని అర్థం. సెన్సర్ నుంచి కబురు రావడం లేదన్నమాట. అప్పుడు ఎంత గాలి కొట్టినా లైటు ఆరదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏమీ నొక్కకుండా, రెండు నిమిషాలు మీటరు వైపే చూడండి. షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది ఆ మిణుకుమనడాన్ని గమనించి ఉండరు. ఎందుకంటే స్టార్ట్ చేసిన వెంటనే బండి వెనక్కి తీసే హడావుడిలో ఉంటారు.

బంకులో 33 పెట్టించాను. తెల్లారేసరికి మళ్లీ లైటు. టైరు పంక్చరా?

కావచ్చు, కానీ ముందు ఇంకోటి చూడాలి. తలుపు పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో రాసే ప్రెషర్ చల్లని టైరుకు చెప్పింది. అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. మధ్యాహ్నం ఎండలో హైవే మీద నడిచొచ్చిన టైరులో గాలి 45 డిగ్రీల వేడిలో ఉందనుకోండి. అప్పుడు 33 పీఎస్ఐ పెడితే, డిసెంబర్ తెల్లవారుజామున 18 డిగ్రీలకు చల్లబడేసరికి అది 29కి దిగుతుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడి ప్రెషర్ తగ్గింది. దీనికి తోడు బంకు మీటరు రెండు పీఎస్ఐ ఎక్కువ చూపించేదైతే 27 దగ్గర తేలుతుంది.

ఇంకో సంగతి ఏమిటంటే లైటు వెలగడానికి ఒక హద్దు ఉంటే, ఆరడానికి దానికన్నా పై హద్దు పెడతారు. కాబట్టి కొంచెం పెంచితే చాలదు, స్టిక్కర్ మీద రాసినంతా ఉండాలి. సొంతంగా ఒక గేజ్ కొనుక్కుని పొద్దున్నే, బండి తీయకముందే కొలవండి. ఒక్క టైరు మాత్రమే వారంలో నాలుగైదు పీఎస్ఐ తగ్గితే అది పంక్చరో, వాల్వు లీకో. నాలుగూ సమానంగా తగ్గితే అది చలి పని.

మా కారులో ఏ రకం సిస్టం ఉందో ఎలా తెలుస్తుంది?

స్క్రీన్ మీద ఒక్కో టైరుకు విడిగా ప్రెషర్ అంకె కనిపిస్తే చక్రాల లోపల సెన్సర్లు ఉన్నట్టే. టైరు ప్రెషర్‌ను కనిపెట్టుకుని ఉండే ఈ సిస్టమే టీపీఎంఎస్, ఇలా లోపల సెన్సర్లు ఉంటే దాన్ని డైరెక్ట్ రకం అంటారు. అంకెలు లేకుండా లైటు ఒక్కటే ఉండి, మెనూలోనో డ్యాష్‌బోర్డు మీదో `SET` లాంటి బటన్ ఉంటే బహుశా ఇన్‌డైరెక్ట్ రకం. దీనికి చక్రంలో సెన్సర్ గానీ బ్యాటరీ గానీ ఉండవు. గాలి తగ్గిన టైరు వ్యాసం కొద్దిగా తగ్గి, మిగతావాటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను బ్రేకుల కోసం చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్లతో కనిపెడుతుంది. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్‌లలో ఉన్నది ఇదే.

కానీ `SET` బటన్ ఒక్కదాన్నే చూసి తేల్చకండి. కొన్ని టయోటాల్లో లోపల సెన్సర్లూ ఉంటాయి, ఆ బటనూ ఉంటుంది. పక్కాగా తెలియాలంటే కారుతో వచ్చిన మాన్యువల్ చూడాలి.

గేజ్‌తో నాలుగూ కొలిచాను, సరిగ్గానే ఉన్నాయి. అయినా లైటు నిలకడగా వెలుగుతోంది.

రెండు చోట్ల చూడండి. మీది ఇన్‌డైరెక్ట్ రకమైతే గాలి కొట్టినంత మాత్రాన దానికి తెలియదు. గాలి సరిచేశాక రీసెట్ చేసి "ఇప్పటి నుంచి ఇదే సరైన లెక్క" అని మనమే చెప్పాలి. డైరెక్ట్ రకమైతే స్టెప్నీని కొలవండి. కొన్ని టయోటా, జీప్ మోడళ్లలో స్టెప్నీలోనూ సెన్సర్ ఉంటుంది. అమెరికాలో సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్న మనవాళ్లు ఫోన్ చేసి అడిగినప్పుడు నేను మొదట అడిగేది ఇదే. బండి కిందో డిక్కీలోనో ఏళ్ల తరబడి ముట్టుకోని ఆ ఐదో టైరులో గాలి తగ్గిపోయి ఉంటుంది.

## సెన్సర్ బ్యాటరీ

బ్యాటరీ అయిపోయిందని ఖచ్చితంగా ఎలా తేల్చాలి?

ఒక బండి సంగతి చెబుతాను. ఏడేళ్లు నడిచిన ఎస్‌యూవీ. చలికాలంలో మొదలైంది. పొద్దున్న తీసినప్పుడు వెనక కుడి టైరు దగ్గర అంకెకు బదులు `--` కనిపించేది. ఆరేడు కిలోమీటర్లు పోయాక అంకె వచ్చేది. ఫిబ్రవరికల్లా రోజంతా `--`, లైటు మిణుకుమనడం. ఆయన అప్పటికే మూడుసార్లు గాలి కొట్టించి, ఒకచోట వాల్వు కూడా మార్పించుకున్నారు.

మేం చేసింది ఇంతే. టీపీఎంఎస్ టూల్‌ను ఒక్కో టైరు దగ్గర, వాల్వు పక్కన రబ్బరుకు ఆనించి ట్రిగ్గర్ నొక్కాం. అది 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌తో నిద్రలో ఉన్న సెన్సర్‌ను లేపుతుంది. మూడు చక్రాలు వెంటనే ఐడీ, ప్రెషర్, ఉష్ణోగ్రత చెప్పాయి. నాలుగోది పలకలేదు. టూల్ జరిపి జరిపి మూడుసార్లు ప్రయత్నించినా అంతే. అంకె వస్తూ పోతూ ఉండి, చలిలో ముందుగా మాయమై, చివరికి టూల్‌కు కూడా జవాబివ్వకపోతే అది చచ్చిన బ్యాటరీయే. టూల్‌కు పలికి, కారుకు మాత్రం కనిపించకపోతే బ్యాటరీ బాగానే ఉంది. ఐడీ నమోదులోనో, రిసీవర్‌లోనో తప్పుంది.

కొన్ని సెన్సర్లు బ్యాటరీ స్థితిని కూడా పంపుతాయి, టూల్ దాన్ని `OK` అనో `LOW` అనో చూపిస్తుంది. మామూలుగా ఈ బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది.

ఆ చిన్న బ్యాటరీ ఒక్కటే మార్చుకోలేమా? సెన్సర్ మొత్తం ఎందుకు?

లోపల ఉండేది గుండీలాంటి లిథియం సెల్. దాన్ని సర్క్యూట్‌కు అతికించి, పైన గట్టి రెసిన్ పోసి మూసేస్తారు. ఆ రెసిన్ తవ్వి కొత్త సెల్ సోల్డర్ చేసేవాళ్లున్నారు. నేను చేయను, చేయించుకోమనీ చెప్పను. హైవే వేగంలో ఆ చిన్న డబ్బా మీద పడే బలం చాలా ఎక్కువ. బ్రేకుల వేడి, రిమ్ము లోపలి తేమ వేరే. మళ్లీ మూసిన అతుకు ఊడితే ముక్క టైరు లోపల దొర్లుతూ ఉంటుంది.

వాల్వుకు క్యాప్‌లా బయట బిగించే సెన్సర్లలో మాత్రం బ్యాటరీ మార్చుకోవచ్చు. అవి వేరే జాతి. వాటితో వచ్చిన చిన్న డిస్‌ప్లేకే అవి కబురు పంపుతాయి. కారు మీటరులోని లైటుతో వాటికి సంబంధం లేదు, కాబట్టి అవి పెట్టినా ఆ లైటు ఆరదు.

ఒకటి పోయింది. నాలుగూ మార్చేయమంటున్నారు. నిజంగా అవసరమా?

నాలుగూ కారుతో వచ్చినవే అయితే వాటి వయసు ఒకటే. ఒకటి ఏడో ఏట పోతే మిగతావి ఏడాది, రెండేళ్లలో వరస కడతాయి. ప్రతిసారీ టైరు ఊడదీయాలి, బ్యాలెన్సింగ్ చేయాలి. అందుకని నేను టైర్లను చూసి చెబుతాను. టైర్లు అరిగి మరో ఆర్నెల్లలో మార్చేవైతే ఇప్పుడు పోయిన ఒక్కటి మార్చి, మిగతా మూడూ కొత్త టైర్లు వేసేటప్పుడు మార్చండి. అప్పుడు టైరు ఎలాగూ ఊడదీస్తారు. టైర్లు కొత్తవైతే, టూల్ మిగతా మూడింట్లో `LOW` చూపిస్తే, ఒకేసారి చేయించుకోవడం మేలు.

పంక్చర్ వేయించిన మర్నాటి నుంచే లైటు మొదలైంది. యాదృచ్ఛికమా?

చాలాసార్లు కాదు. సెన్సర్ వాల్వు అడుగునే, రిమ్ము లోపల ఉంటుంది. టైరు అంచును రిమ్ము నుంచి విడదీసే మెషిన్ పార సరిగ్గా వాల్వు దగ్గర నొక్కితే సెన్సర్ పుటుక్కున విరుగుతుంది. పని మొదలుపెట్టకముందే "లోపల సెన్సర్ ఉంది" అని ఒక్క మాట చెప్పండి.

రెండో కారణం పంక్చర్ ద్రవం. అది సెన్సర్‌కున్న సన్నటి రంధ్రాన్ని మూసేస్తే ప్రెషర్ అంకె కదలకుండా ఉండిపోతుంది. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం టీపీఎంఎస్, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్ ఉన్న కార్లకు మన దేశంలో స్టెప్నీ తప్పనిసరి కాదు. అలాంటి కారులో దారి మధ్య ద్రవం వాడక తప్పదు. వాడండి, కానీ షాపుకు చేరాక టైరు లోపలా, సెన్సర్నీ తుడిపించండి.

మూడోది చిన్న విషయమే గానీ నష్టం పెద్దది. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే రెండు లోహాలూ ఒకదాన్నొకటి తినేసి పిన్ను పట్టేస్తుంది. నికెల్ పూత పిన్ను, ప్లాస్టిక్ క్యాప్ వాడాలి.

అమెరికాలో మా బావ ఉన్నాడు. సెన్సర్లు అక్కడి నుంచి తెప్పించుకోవచ్చా?

తెప్పించుకునే ముందు ఫ్రీక్వెన్సీ చూడండి. అమెరికాలో అమ్మే చాలా కార్ల సెన్సర్లు 315 మెగాహెర్ట్జ్ మీద పలుకుతాయి. మన దగ్గర, యూరప్‌లో వాడేది 433. కారు పేరు ఒకటే అయినా, సెన్సర్ చూడ్డానికి ఒకేలా ఉన్నా, 315ది మన కారుకు వినపడదు. అలా నాలుగు సెన్సర్లు బిగించాక గానీ సంగతి తెలియని బండి మా దగ్గరికొచ్చింది. నాలుగు టైర్లూ మళ్లీ ఊడదీయాల్సి వచ్చింది. ఫ్రీక్వెన్సీ కలిసినా సరిపోదు, కబురు పంపే పద్ధతి కూడా మీ మోడల్‌దే అవ్వాలి. పార్ట్ నంబర్ సరిచూసుకోవడమే సరైన దారి.

## రీలెర్న్

కొత్త సెన్సర్ వేశాక రీలెర్న్ అన్నారు. అదేమిటి?

ప్రతి సెన్సర్‌కూ దానిదైన ఐడీ ఉంటుంది. కారు తన జ్ఞాపకంలో రాసుకున్న నాలుగు ఐడీల మాటే వింటుంది. లేకపోతే సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన కారు టైర్ల ప్రెషర్ మీ మీటరులో కనిపిస్తుంది. కొత్త సెన్సర్ ఎంత బాగున్నా దాని ఐడీ ఆ జాబితాలో లేకపోతే కారు పట్టించుకోదు. పాతది తీసేసి కొత్తది రాయించడమే రీలెర్న్.

దీన్ని తప్పించే పద్ధతి ఒకటుంది. ప్రోగ్రామ్ చేయగల సెన్సర్ అయితే పాత ఐడీనే దానిలో రాసేయొచ్చు. కారుకు మార్పు జరిగినట్టే తెలియదు. చచ్చిన సెన్సర్ తన ఐడీ చెప్పలేదు కాబట్టి, స్కానర్ తగిలించడానికి కారులో ఉండే ఓబీడీ సాకెట్ నుంచి పాత జాబితా చదివి రాయాలి. ఇందాక చెప్పిన ఆ ఏడేళ్ల ఎస్‌యూవీకి మేం చేసింది అదే. నాలుగు ఐడీల్లో మూడు జీవించి ఉన్నవాటితో సరిపోయాయి, మిగిలిందే వెనక కుడిది.

రీలెర్న్ నేనే చేసుకోగలనా?

మీ కారు మూడు రకాల్లో ఏదో దాన్నిబట్టి ఉంటుంది. మొదటిది దానంతటదే నేర్చుకునేది. కారును పదిహేను, ఇరవై నిమిషాలు ఆపి ఉంచి, తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపితే కొత్త ఐడీలను పట్టుకుంటుంది. దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

రెండోది ఆపి ఉన్న కారులో చేసేది. షెవ్రొలే లాంటి జనరల్ మోటార్స్ కార్లు దీనికి మంచి ఉదాహరణ. మెనూలో రీలెర్న్ ఎంచుకుంటే హారన్ రెండుసార్లు కూస్తుంది, తెర మీద `TIRE LEARNING ACTIVE` అని వస్తుంది. అప్పుడు ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఇదే వరసలో ఒక్కో చక్రం దగ్గర టూల్ నొక్కాలి. ఒక్కోటి పట్టగానే హారన్ ఒకసారి కూస్తుంది. మొదటి చక్రానికి రెండు నిమిషాలు, మొత్తం పనికి ఐదు నిమిషాలు గడువు. టూల్ ఉంటే ఇంట్లోనే అయిపోతుంది.

మూడోది ఓబీడీ ద్వారా ఐడీలు రాయాల్సినది. చాలా టయోటాలు ఈ రకం. దీనికి స్కానర్ కావాలి, కాబట్టి షాపుకు వెళ్లడమే.

మూడు చక్రాలు పట్టాయి, నాలుగో దగ్గర ఆగిపోతోంది. ఎందుకు?

ముందు ఆ చక్రాన్ని పావు వంతు ముందుకు జరిపి మళ్లీ చేయండి. వాల్వు ఉన్న చోటును బట్టి సిగ్నల్ ఒక్కోసారి కారుకు అందదు. తర్వాత దగ్గరలో ఉన్న ఇంకో సెన్సర్ అడ్డొస్తోందేమో చూడండి. షాపులో పక్కనే ఉన్న కారుకు ఇంకొకరు టూల్ నొక్కుతుంటే మీ కారు ఆ ఐడీని పట్టేసుకోవచ్చు. కొత్త సెన్సర్ల పెట్టెను డిక్కీలో పెట్టి రీలెర్న్ చేయకండి. ఇవేవీ కాకపోతే ఆ సెన్సర్ మీ మోడల్‌కు ప్రోగ్రామ్ అయి ఉండదు.

కారు బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసి పెడితే పోతుందన్నారు.

పోదు. ఐడీల జాబితా కరెంటు తీసినా చెరగని మెమరీలో ఉంటుంది. గడియారం, రేడియో సెట్టింగులు మాత్రం పోతాయి.

`SET` నొక్కగానే లైటు పోయింది, ఇక పని అయిపోయినట్టేనా?

ఇన్‌డైరెక్ట్ రకంలో ఆ నొక్కుతో కొలత మొదలవుతుంది, అంతే. పూర్తవడానికి నడపాలి. హోండా తన ఇన్‌డైరెక్ట్ కార్లకు గంటకు 48 నుంచి 105 కిలోమీటర్ల మధ్య మొత్తం అరగంట నడక అవసరమని చెబుతుంది.

నేను భయపడేది వేరే. గాలి కొలవకుండా లైటు పోగొట్టడానికే `SET` నొక్కేవాళ్లున్నారు. టైరులో 24 ఉన్నప్పుడు నొక్కితే ఆ 24నే సరైనదని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఇంకా చాలా తగ్గితే గానీ హెచ్చరించదు. ముందు నాలుగు టైర్లూ చల్లగా కొలిచి, సరిచేసి, అప్పుడే నొక్కండి.

## చక్రాలు మారినప్పుడు

కొత్త అల్లాయ్‌లు వేయించాను. అప్పటి నుంచి లైటు మిణుకుమంటోంది.

పాత రిమ్ములతో పాటు సెన్సర్లు కూడా వెళ్లిపోయాయి. కారు ఇంకా వాటి కోసమే చెవి పెట్టి ఉంది. పాతవి వయసు మీరనివైతే వాటినే కొత్త రిమ్ములకు మార్చొచ్చు, రబ్బరు వాషర్, నట్టు, పిన్ను మాత్రం కొత్తవి వేయాలి. అప్పుడు ఐడీలు అవే కాబట్టి ఏ చక్రం ఎక్కడుందో తప్ప నేర్పాల్సింది ఉండదు. కొనకముందే చూడాల్సింది రిమ్ము ఆకారం. కొన్ని రిమ్ముల్లో వాల్వు రంధ్రం దగ్గర సెన్సర్ కూర్చునే చోటు ఉండదు, బిగిస్తే రిమ్ముకు రాసుకుని విరుగుతుంది.

స్టెప్నీ వేసుకుని వచ్చాను. లైటు పడింది. టైరులో గాలి బాగానే ఉందే?

చాలా స్టెప్నీల్లో సెన్సర్ ఉండదు. కారుకు నాలుగో కబురు అందక లైటు వేస్తుంది. పంక్చరైన చక్రం బాగుచేసి తిరిగి బిగించి కాసేపు నడిపితే ఆరిపోతుంది, రీలెర్న్ అక్కర్లేదు. ఇన్‌డైరెక్ట్ కారులో కారణం సైజు. 17 అంగుళాల 215/60 R17 టైరు వ్యాసం దాదాపు 690 మిల్లీమీటర్లు. దాని బదులు వేసిన 205/65 R16 స్టెప్నీది 673. రెండున్నర శాతం చిన్నది కాబట్టి ఎక్కువసార్లు తిరుగుతుంది, కారు దాన్ని గాలి తగ్గిన టైరనుకుంటుంది. స్టెప్నీ మీద ఉండగా రీసెట్ చేయకండి.

ఒక్క టైరే కొత్తది వేశాను, మూడు పాతవి. దీనివల్ల లైటు వస్తుందా?

డైరెక్ట్ రకంలో రాదు, అది ప్రెషర్‌నే కొలుస్తుంది. ఇన్‌డైరెక్ట్‌లో రావచ్చు. కొత్త టైరు ట్రెడ్ 8 మిల్లీమీటర్లు, పాతది 3 అనుకుంటే వ్యాసంలో తేడా 10 మిల్లీమీటర్లు. 690కి అది ఒకటిన్నర శాతం. గాలి తగ్గినప్పుడు వచ్చే తేడా ఇంతకన్నా తక్కువే ఉంటుంది కాబట్టి సిస్టం పొరబడడం సహజం. రీసెట్ చేసి నడిపితే ఆ తేడాను కొత్త లెక్కగా తీసుకుంటుంది. అయినా ఒకే ఇరుసు మీద ఇంత తేడా ఉన్న టైర్లు వేయకండి. బ్రేకింగ్‌కు, తడి రోడ్డు మీద పట్టుకు అది మంచిది కాదు.

అమెరికాలో మంచు టైర్ల సెట్టు వేరే ఉంది. ఏటా రెండుసార్లు ఈ తలనొప్పేనా?

కొన్ని కార్లు రెండు సెట్ల ఐడీలు గుర్తుపెట్టుకుంటాయి, మెనూలో రెండో సెట్టు ఎంచుకుంటే చాలు. మీ కారులో అది లేకపోతే మంచు చక్రాల్లో ప్రోగ్రామబుల్ సెన్సర్లు వేయించి, వేసవి సెట్టు ఐడీలనే వాటిలో రాయించండి. ఇక ప్రతిసారీ రీలెర్న్ ఉండదు. సెన్సర్లు లేకుండా మంచు టైర్లు వేసుకుంటే చలికాలమంతా లైటు అలాగే ఉంటుంది. 21 డిగ్రీల గ్యారేజీలో 33 పెట్టిన టైరు బయట మైనస్ 12లో దాదాపు 28కి దిగే కాలం కూడా అదే.

మిణుకుమనే లైటుతోనే నడపొచ్చా?

టైర్లలో గాలి సరిగ్గా ఉంటే కారుకు ఏమీ కాదు. కానీ లైటు ముందే వెలిగి ఉంది కాబట్టి రేపు నిజంగా మేకు దిగినా మీకు కొత్తగా ఏమీ కనిపించదు. బాగుచేయించేదాకా వారానికోసారి, దూరప్రయాణానికి ముందు తప్పకుండా, పొద్దున్నే గేజ్ పట్టుకుని నాలుగూ కొలవండి.